500 మంది పెళ్లి భోజనానికి సరుకుల చీటీ: అదనం ఎక్కడ కలపాలి, ఎక్కడ కలపకూడదు

కొన్నేళ్ల క్రితం మా ఇంట్లో ఉపనయనం జరిగింది. 400 మంది వస్తారని అనుకున్నాం. "ఎందుకైనా మంచిది" అని బాబాయి దాన్ని 450 చేశారు. వంట మేస్త్రికి ఆ 450 చెబితే, తన జాగ్రత్తకు తాను 500కి చీటీ రాశాడు. కొట్టుకి వెళ్లినవాడు చిల్లర తూకాలెందుకని ప్రతిదీ కొంచెం పెంచి తెచ్చాడు. అంటే 550 మందికి సరిపడా సరుకు వచ్చింది. తీరా వచ్చింది 410 మంది. సాంబారు గుండిగలో మూడో వంతు అలాగే ఉండిపోయింది. వంకాయ కూర రెండు బకెట్లు మిగిలింది. కానీ ఆఖరి బంతిలో పెరుగు లేదు. పాలవాడికి పిన్ని ఎప్పుడో 400 లెక్కన చెప్పేసింది, అదీ చలికాలం కొలతతో. మేము కార్యం చేసుకున్నది మే నెలలో. అన్నయ్య స్కూటర్ మీద పెరుగు ప్యాకెట్ల కోసం పరుగెత్తాడు.

ఆ రోజు మిగిలిపోయినదానికీ చాలకపోయినదానికీ కారణం ఒకటే. ముగ్గురు మూడు చోట్ల అదనం కలిపారు, కలపాల్సిన చోట ఎవరూ కలపలేదు. అందుకే ఆ తర్వాత మా ఇంట్లో ఏ శుభకార్యమైనా చీటీ రాసే పని ఒక్కరిదే. అందులో అదనం ఒక్కసారే వేస్తాం, ప్రతి వస్తువుకూ ఒకేలా వేయం. మా అన్నయ్య కూతురి పెళ్లికి వేసిన లెక్కను ఇక్కడ వరసగా చెబుతాను. వైశాఖ మాసం, పగటి ముహూర్తం, తెనాలి దగ్గర కల్యాణ మండపం, అరిటాకులో శాకాహార భోజనం.

మొదట తలలు లెక్కపెట్టాలి, కార్డులు కాదు

"300 కార్డులు వేయించాం, కార్డుకి ముగ్గురు" అనే లెక్క ఎప్పుడూ తప్పుతుంది. దగ్గర బంధువుల కార్డుకి ఇంటిల్లిపాదీ వస్తారు. ఆఫీసు కార్డుకి సగం మందే వస్తారు, అదీ ఒక్కరో ఇద్దరో. కాబట్టి కార్డుల పుస్తకం ముందు పెట్టుకుని వరసలుగా విడదీయాలి. మాకు ఇలా తేలింది.

దగ్గర బంధువులు 45 కార్డులు, కార్డుకి నలుగురు: 180.
ఊళ్లో స్నేహితులు, ఇరుగుపొరుగు 90 కార్డులు, ఇద్దరేసి: 180.
ఆఫీసు, వ్యాపారం తాలూకు 60 కార్డులు, సగం మంది, సగటున ఒకటిన్నర: 45.
మగపెళ్లివారు, వాళ్లు చెప్పిన సంఖ్య: 80.
మేళం 8, ఫొటోలవాళ్లు 5, డ్రైవర్లు 8, డెకరేషన్ 4, వంట, వడ్డనవాళ్లు 25: మొత్తం 50.

ఈ ఆఖరి 50 మందిని చాలామంది మరిచిపోతారు. వాళ్లు పొద్దున్నుంచి పనిచేసి చివర్లో కూర్చుంటారు, ఆకలి మీద ఉంటారు. వాళ్లకే పదార్థాలు అయిపోతే అంతకంటే తలవంపు లేదు.

అన్నీ కలిపితే 535. ఇందులో పదేళ్లలోపు పిల్లలు 70 మంది ఉంటారని తేలింది. పిల్లల్ని సగంగా లెక్కిస్తే 35 తగ్గి 500 అయింది. వంటకి ఈ 500 లెక్క. ఆకులు, గ్లాసులు, కుర్చీలకు మాత్రం 535 లెక్క. పిల్లాడు సగమే తిన్నా ఆకు పూర్తిగానే కావాలి. చిరిగినవి, కుళ్లినవి పోతాయి కాబట్టి ఆకులు 600 తెచ్చాం.

గమనించండి, ఇక్కడ అదనం ఏమీ కలపలేదు. వస్తారని నిజంగా నమ్మిన సంఖ్యే రాశాం. ఈ అంకెను గుండ్రంగా పెంచాలని ఎవరు అన్నా ఒప్పుకోకూడదు. మా బాబాయి ఈసారీ అడిగారు. "అదనం తర్వాత వేస్తాను బాబాయ్, ముందు నిజం చెప్పండి" అన్నాను.

తలసరి కొలతలు

వండే వస్తువులన్నిటినీ పచ్చి బరువులోనే లెక్కించాలి. కొట్టులో కొనేది అదే కాబట్టి.

అన్నానికి తలకి 120 గ్రాముల బియ్యం. ఉడికాక అది సుమారు 300 గ్రాములవుతుంది. పులిహోర, బూరె, రెండు కూరలు ఉన్న ఆకులో ఇది సరిపోతుంది. 500 మందికి 60 కిలోలు. పులిహోరకి తలకి 30 గ్రాములు, అంటే 15 కిలోలు. రెండూ కలిపి 75 కిలోలు, 25 కిలోల బస్తాలు మూడు. సోనామసూరి తీసుకున్నాం. కొత్త బియ్యం మాత్రం వద్దు, మెత్తబడిపోయి పులిహోర ముద్దవుతుంది.

మామిడికాయ పప్పుకి తలకి 30 గ్రాముల కందిపప్పు, సాంబారుకి 15. మొత్తం 22న్నర కిలోలు. సాంబారు తలకి 150 మిల్లీలీటర్ల లెక్కన 75 లీటర్లు దిగుతుంది. మామిడికాయలు పులుపుని బట్టి మారతాయి. కిలో పప్పుకి ముప్పావు కిలో అని మొదలుపెడితే 11 కిలోలు.

గుత్తివంకాయకి బరువు కాదు, కాయలు లెక్కపెట్టాలి. తలకి రెండు, అంటే 1000 కాయలు. బజారులో ఒక కిలో తూకం వేయించి లెక్కపెట్టండి. మాకు కిలోకి 24 తూగాయి. 1000 కాయలకు 42 కిలోలు. పుచ్చులు తీసేయాలి కాబట్టి 45 కిలోలు తీసుకున్నాం. ఈ మూడు కిలోలు అదనం కాదు, తరుగు. రెండూ వేరు. తరుగు అంటే తప్పకుండా పోయేది, అదనం అంటే అవసరమైతే వాడేది. బంగాళాదుంపలో తొక్క, గుమ్మడిలో గింజలు, తొక్క అన్నీ తరుగే. ఇది కలిపాక మళ్లీ "ఇంకో పది శాతం" అంటూ వేయకూడదు.

దొండకాయ వేపుడు వేగాక దాదాపు సగానికి తగ్గుతుంది. తలకి 70 గ్రాముల పచ్చికాయ అనుకుని 35 కిలోలు తెచ్చాం.

బూరెలు కూడా లెక్కే. పంచదార జబ్బు ఉన్నవాళ్లు వద్దంటారు, కొందరు రెండు వేయించుకుంటారు. సగటున తలకి 1.3. 500 మందికి 650, చిట్లిపోయేవి కలిపి 680. కిలో సెనగపప్పు, కిలో బెల్లంతో నిమ్మకాయంత ఉండలు 80 దాకా వస్తాయి. ఆ లెక్కన ఎనిమిదిన్నర కిలోలు చొప్పున తెచ్చాం. ఉండ సైజు మేస్త్రిని బట్టి మారుతుంది కాబట్టి ముందు కిలో పప్పుతో పూర్ణం చేయించి, ఎన్ని ఉండలు వచ్చాయో చూసుకున్నాకే మిగతాది నానబెట్టించాం.

పెరుగుకి తలకి 120 మిల్లీలీటర్ల పాలు. చలికాలమైతే 100 చాలు. ఎండాకాలం రెండోసారి, మూడోసారి కూడా వేయించుకుంటారు. 60 లీటర్ల పాలు ముందురోజు రాత్రే తోడు పెట్టించాం.

మిగతావి త్వరగా చెబుతాను. నెయ్యి తలకి 8 గ్రాములు, 4 కిలోలు. గోంగూర పచ్చడి 6 కిలోలు. అప్పడాలు 600. చింతపండు కిలో పులిహోర బియ్యానికి 100 గ్రాములకు పైన, సాంబారుకి, వంకాయకి కలిపి మొత్తం 4 కిలోలు. నూనె 15 కిలోల డబ్బాలు రెండు. మూడోది తెచ్చి మూత తీయకుండా పక్కన పెట్టాం.

500 మందికి పెంచితే అన్నీ అదే లెక్కన పెరగవు

ఇంట్లో పదిమందికి బాగా కుదిరిన సాంబారును 50తో గుణిస్తే పల్చగా వస్తుంది. దీనికి కారణం నీళ్లు. చిన్న గిన్నెలో మరిగేటప్పుడు ఆవిరి బాగా పోతుంది. పెద్ద గుండిగలో ఉన్న నీటితో పోలిస్తే పైన తెరిచి ఉన్న జాగా తక్కువ, అందుకని అంతే సేపు మరిగించినా నీళ్లు అంతగా ఇగరవు. కాబట్టి నీటిని గుణించకూడదు. చివరికి ఎంత సాంబారు కావాలో నిర్ణయించుకుని, గుండిగలో ఆ గుర్తు దాటకుండా పోయించాలి. మా మేస్త్రి 75 లీటర్ల గుర్తు కోసం కొత్త చీపురుపుల్లను గుండిగలోకి నిలువుగా దించి, 15 లీటర్ల బకెట్టుతో ఐదు బకెట్ల నీళ్లు కొలిచి పోయించాడు. తడి ఎంతవరకు వచ్చిందో అక్కడ పుల్లను విరిచి, ఆ ముక్కను చొక్కా జేబులో పెట్టుకున్నాడు. తర్వాత అంతా ఆ పుల్ల కొలతే.

ఉప్పు, కారం కూడా అంతే. ఉప్పుకి మొదలు కొలత, పూర్తయిన వంటకం బరువులో నూటికి ఒక పాలు. 75 లీటర్ల సాంబారుకి ముప్పావు కిలో. దీంట్లో మూడు వంతులు ముందు వేసి, మరిగాక రుచి చూసి మిగతాది కలపాలి. కారం కూడా లెక్కలో ముప్పావు వంతే ముందు. 75 లీటర్లలో ఉప్పెక్కువైతే దిద్దడం కష్టం. నీళ్లు పోస్తే పులుపు, కారం, చిక్కదనం అన్నీ చెడతాయి. కొనేటప్పుడు మాత్రం ఉప్పు, కారం పూర్తిగానే కొనండి. ఖర్చు తక్కువ, మిగిలినా ఇంట్లో వాడుకుంటాం.

వేపుడు నూనె తలల లెక్కన పెరగదు. బాండీ నింపడానికి మొదట ఎంత పోస్తామో అది 100 మందికీ 300 మందికీ దాదాపు ఒకటే. వాయి వాయికీ పీల్చుకున్నంత మాత్రమే మళ్లీ పోస్తారు.

అదనం ఎక్కడ

ఇప్పుడు అదనం వేద్దాం. మూడు రకాలుగా ఆలోచించాలి.

మొదటి రకం, భోజనాలు జరుగుతుండగా వండగలిగేవి. అన్నం, పప్పు ఇందులోకి వస్తాయి. వీటికి పది శాతం, కానీ పచ్చిగానే. 6 కిలోల బియ్యం, కిలోన్నర కందిపప్పు విడిగా సంచుల్లో కట్టి, "అడిగితేనే" అని రాసి వంటశాల బయట పెట్టాం. వాడకపోతే ఇంటికి వెళ్తాయి. బియ్యం నాలుగో బస్తా తెచ్చి అందులోంచి తీశాం. విప్పని బస్తా, మూత తీయని నూనె డబ్బా తిరిగి తీసుకుంటారా అని కొట్టులో ముందే అడిగి పెట్టుకోండి. చాలామంది తీసుకుంటారు, బిల్లు ఉంటే.

రెండో రకం, అప్పటికప్పుడు చేయలేనివి, కానీ మర్నాటికి పాడవనివి. బూరెలు, పులిహోర. వీటికి ఐదు శాతం వండేయొచ్చు. మిగిలితే దూరం వెళ్లే బంధువులకి కట్టి ఇస్తాం, అదీ మర్యాదే. బూరెలకి చిట్లేవాటి కింద ఐదు శాతం అప్పటికే వేశాం కాబట్టి మళ్లీ కలపలేదు. పులిహోరకి మాత్రం ముప్పావు కిలో బియ్యం ఎక్కువ.

మూడో రకం, అప్పటికప్పుడు చేయలేనివి, మిగిలితే పారేయాల్సినవి. గుత్తివంకాయ, సాంబారు ఇక్కడికి వస్తాయి. వీటికి అదనం సున్నా. మరి చాలకపోతే? దానికి బదులు వేరే వస్తువు పెట్టుకోవాలి. మేము 8 కిలోల బంగాళాదుంపలు కోయకుండా ఉంచాం. కూర అయిపోయేలా ఉంటే ఇద్దరు కోసి ముప్పావు గంటలో వేపుడు దించేయొచ్చు. అవసరం రాకపోతే దుంపలు వారం రోజులు ఇంట్లో ఉంటాయి. 500 మందికి వంకాయ పది శాతం ఎక్కువ వండడం కంటే ఇది చాలా చవక.

పెరుగు ఏ రకంలోకీ సరిగా ఇమడదు. అప్పటికప్పుడు తోడుకోదు, ఎండలో ఉంటే పులుస్తుంది. భోజనం దాంతోనే ముగుస్తుంది కాబట్టి అది లేకపోతే అందరికీ తెలుస్తుంది. అందుకని 6 లీటర్లు ఐస్ పెట్టెలో దాచాం. మిగతా పెరుగు బయటికి వచ్చాక రెండు మూడు గంటల్లో పులుపెక్కినా ఇది బాగుంటుంది. మిగిలితే మజ్జిగ చేసి సాయంత్రం సామాన్లు సర్దేవాళ్లకి ఇస్తాం.

బంతుల లెక్కన వండడం

ఈ అదనం పనిచేయాలంటే అన్నం అంతా ఒకేసారి వండకూడదు. మండపంలో ఒక బంతికి 150 మంది కూర్చుంటారు. నాలుగు బంతులు, ఆఖరిది నిండదు. నిండు బంతికి 18 కిలోల బియ్యం. మొదటి రెండు బంతులకి 36 కిలోలు ముందే వండించి, మూడోదానికి ఎసరు కాగుతూ ఉండేలా చూశాం. ఎసరు సిద్ధంగా ఉంటే బియ్యం వేసి, వార్చి, మగ్గేసరికి అరగంట. బంతి లేచేసరికి అంతకన్నా ఎక్కువే పడుతుంది. కాబట్టి రెండో బంతి కూర్చోగానే మూడో బంతి వాయి పొయ్యెక్కాలి.

మొదటి బంతి అయ్యాక చేయాల్సిన పని ఒకటుంది, దాన్ని చాలామంది వదిలేస్తారు. ఎంత అన్నం ఖర్చయిందో చూడాలి. మాకు మొదటి బంతిలో 18 కిలోలు కావాల్సింది 20 కిలోలు పోయింది. అంటే తలకి 133 గ్రాములు. మిగతా 350 మందికీ అలాగే పోతే 46 కిలోలకు పైగా కావాలి. మన దగ్గర 40 మిగిలింది, సంచిలో 6 ఉంది. ఇంచుమించు సరిపోతుంది, కానీ జేబులో ఏమీ మిగలదు. అప్పుడే సంచి విప్పి మూడో వాయిలో కలపమన్నాను. ఈ సంగతి మూడో బంతిలో తెలిసి ఉంటే టెన్షన్ తప్పేది కాదు.

ఒక మాట గుర్తుంచుకోండి. మొదటి బంతిలో మగపెళ్లివారు, పెద్దవాళ్లు కూర్చుంటారు. వడ్డించేవాళ్లు మొహమాటంతో ఎక్కువ వేస్తారు, ఆకుల్లో వదిలేది కూడా ఎక్కువ. మధ్య బంతులు తేలిగ్గా వెళ్తాయి. ఆఖరి బంతి పనివాళ్లు, ఇంటివాళ్లు, వాళ్లు కడుపునిండా తింటారు. అందుకే మొదటి బంతి అంకె చూసి భయపడక్కర్లేదు, కానీ పట్టించుకోకుండా ఉండకూడదు.

వడ్డన గరిటెలు కూడా కొలవండి. సాంబారు గరిటెలో నీళ్లు పోసి కొలిస్తే 220 మిల్లీలీటర్లు పట్టింది. మన లెక్క తలకి 150. ఆ గరిటెతో నిండుగా వడ్డిస్తే 340 మందికే సాంబారు అయిపోతుంది. చిన్న గరిటెలు తెప్పించి, "అడిగితే రెండోసారి పోయండి, మొదటిసారి ఇంతే" అని వడ్డన కుర్రాళ్లకి చెప్పాం. చీటీలో ఏ తప్పూ లేకపోయినా గరిటె దగ్గర లెక్క తప్పిన పెళ్లిళ్లు నేను చూశాను.

మిగిలినదాని సంగతి

మూడో బంతి కూర్చునేసరికి ఏది మిగులుతుందో తెలిసిపోతుంది. దగ్గర్లోని ఆశ్రమానికో, హాస్టల్‌కో ఇవ్వాలంటే అప్పుడే ఫోన్ చేయాలి, అందరూ వెళ్లాక సాయంత్రం కాదు. మే నెల ఎండలో సాంబారు, కొబ్బరి వేసిన కూర త్వరగా పాడవుతాయి. జిగురు, పుల్లటి వాసన, పైన నురగ కనిపిస్తే ఎవరికీ పెట్టొద్దు. అన్నం వాసన బాగానే ఉన్నా గంటల తరబడి వెచ్చగా గుండిగలో ఉన్నది ఇవ్వకండి.

మా చీటీ వెనక ఆ సాయంత్రం రాసుకున్నది ఇది. ఆకులు 541 లేచాయి. బియ్యం 65 కిలోలు, సంచిలో కిలో మిగిలింది. వంకాయ ఆఖరి బంతిలో ముగ్గురికి లేదు, వాళ్లు మా ఇంటివాళ్లే. దుంపలు ఇంటికి వచ్చాయి. సాంబారు ఒక బకెట్టు, బూరెలు 40 మిగిలాయి. ఐస్ పెట్టెలో పెరుగు నాలుగు లీటర్లు వాడాం. దొండకాయ 35 కిలోలు ఎక్కువైంది, ఈసారి 30 చాలు.